లెక్చరర్ ప్రమోషన్‌కి సిఫార్సు లేఖ: ఆధారాలతో ఎలా రాయాలి

నేను రాసిన మొదటి సిఫార్సు లేఖలో ఒక వాక్యం ఇప్పటికీ గుర్తుంది. "ఈమె అంకితభావం గల అధ్యాపకురాలు, ప్రతిభ గల పరిశోధకురాలు, సహోద్యోగులతో కలుపుగోలుగా ఉంటారు." రాసినప్పుడు బాగానే ఉందనిపించింది. కొన్నేళ్ల తర్వాత నన్నే ఒక ప్రమోషన్ కమిటీలో కూర్చోబెట్టారు. ఫైళ్లు తిరగేస్తుంటే వరసగా నాలుగు లేఖల్లో కాస్త అటూ ఇటూగా అదే వాక్యం కనిపించింది. ఏ లేఖ తీసి ఏ ఫైల్లో పెట్టినా తేడా తెలియదు. కమిటీలో ఎవరూ వాటిని తప్పు పట్టలేదు. చదివి పక్కన పెట్టారు, అంతే.

మీరు డిపార్ట్‌మెంట్ హెడ్ అయినా, సీనియర్ సహోద్యోగి అయినా, లెక్చరర్ నుంచి సీనియర్ లెక్చరర్ స్థాయికి వెళ్లే ఒకరి కోసం లేఖ రాయాల్సి వస్తే ఏం చేయాలో చెబుతాను. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. జీవశాస్త్రం విద్యార్థులకు గణాంకశాస్త్రం చెప్పే లెక్చరర్ ఒకరున్నారు, ఆరేళ్ల సర్వీసు. మనిషీ, అంకెలూ ఉదాహరణ కోసం వేసుకున్నవే.

1. ఒప్పుకునే ముందు మీకేం తెలుసో చూసుకోండి

లేఖ అడిగిన రోజే సరే అనేయకండి. ఒక కాగితం తీసుకుని రెండు గళ్లు గీయండి. ఒక దాంట్లో ఆ లెక్చరర్ గురించి మీరు కళ్లారా చూసినవి రాయండి, రెండో దాంట్లో విన్నవి. క్లాసులో కూర్చుని చూశారా? ఆమె పేపర్ ఒక్కటైనా పూర్తిగా చదివారా? ఇద్దరూ కలిసి ప్రశ్నపత్రం తయారు చేశారా? మొదటి గడిలో మూడు నాలుగు విషయాలైనా రాకపోతే, ముందు ఆ పని చేయండి. గడువుకి ఇంకా టైమ్ ఉంటే ఒక క్లాసుకి వెళ్లి కూర్చోవచ్చు, రెండు పేపర్లు చదవొచ్చు. టైమ్ లేకపోతే, "నాకు మీ బోధన గురించి తెలుసు గానీ పరిశోధన గురించి చెప్పే అర్హత లేదు, ఆ భాగానికి ఇంకెవరినైనా అడగండి" అని నేరుగా చెప్పడం ఆమెకే మంచిది.

మీకూ ఆమెకూ ఉన్న సంబంధం కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మీరు ఆమె పీహెచ్‌డీ గైడ్ అయినా, ఇద్దరూ కలిసి పేపర్లు రాసినా చాలా చోట్ల బయటి నిపుణుడిగా మీ లేఖ చెల్లదు. హెడ్ రాసే లేఖకి ఈ అడ్డంకి సాధారణంగా ఉండదు. ఏదైనా సరే, సంబంధాన్ని లేఖ మొదట్లోనే రాసేయండి. దాచిన సంగతి పేపర్ మీది పేర్లు చూస్తే చాలు, బయటపడుతుంది. అప్పుడు మీరు రాసిన మిగతా నిజాల్ని కూడా ఎవరూ నమ్మరు.

"డ్రాఫ్ట్ మీరే రాసి పంపండమ్మా, సంతకం పెడతాను" అనే అలవాటు గురించి ఒక మాట. బిజీగా ఉన్నప్పుడు అది సులువే. కానీ ఎవరైనా తన గురించి తాను రాసుకుంటే రెండిట్లో ఒకటి జరుగుతుంది: మొహమాటపడి అసలు విషయం వదిలేస్తారు, లేదా సీవీని వాక్యాలుగా మార్చి ఇస్తారు. మీరు క్లాసులో చూసింది ఆమె ఎలాగూ రాయలేరు. డ్రాఫ్ట్ అడగకండి, సమాచారం అడగండి.

2. నియమాల కాగితం, ఆ తర్వాత ఆమె కాగితాలు

ముందు ప్రమోషన్ నియమాలు తెప్పించుకోండి. సీనియర్ లెక్చరర్ కావాలంటే ఆ సంస్థ ఏం అడుగుతోందో అందులో ఉంటుంది. కొన్ని చోట్ల బోధనలో నాయకత్వం చూపాలంటారు. కొన్ని చోట్ల పరిశోధనకి బయట గుర్తింపు ఉండాలంటారు. కొన్ని చోట్ల రెండిట్లో ఏదో ఒకదాంట్లో గట్టిగా ఉంటే చాలు. ఆ కాగితంలో ఏ మాట వాడారో మీ లేఖలోనూ అదే మాట రావాలి. వాళ్లు "పాఠ్యప్రణాళిక రూపకల్పన" అని రాస్తే మీరు "సిలబస్ మీద బాగా కృషి చేశారు" అని రాయకండి. కమిటీ సభ్యులు నియమాల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కో గడీ నింపుకుంటూ పోతారు. మీ వాక్యం ఏ గడిలోకి వెళ్తుందో వెతుక్కునే పని వాళ్లకి పెట్టకూడదు.

మన ఉదాహరణలో నియమాలు మూడు అడుగుతున్నాయి అనుకుందాం: విద్యార్థుల నేర్చుకోవడంలో కనిపించే మెరుగుదల, తన సొంత కోర్సుకి బయట కూడా బోధన మీద ప్రభావం, స్వతంత్ర పరిశోధన.

ఆమెను అడగాల్సినవి ఇవి: సీవీ, ప్రమోషన్ దరఖాస్తు, గత మూడేళ్ల కోర్సు ఫలితాలు, విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ పూర్తి రిపోర్టు (ఎంతమంది నింపారో తెలిసేలా), తాను గొప్పగా భావించే మూడు పేపర్లు, ఒక్కో పేపర్లో తాను చేసిన పని గురించి రెండు వాక్యాలు. మూడే ఎందుకంటే, తొమ్మిది పంపితే మీరు తొమ్మిదీ చదవరు.

తర్వాత ఒక అరగంట ఎదురెదురుగా కూర్చోండి. ఈ అరగంటే లేఖకి ప్రాణం. నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు వచ్చాక ఈ కోర్సులో ఏం మారింది? ఎందుకు మార్చారు?" మొదట అందరూ సీవీలో ఉన్నదే చెబుతారు. "అదంతా ఇక్కడుంది మేడమ్, లేనిది చెప్పండి" అంటే అప్పుడు అసలు కథ వస్తుంది.

3. బోధనకి ఆధారం ఏరుకోవడం

ఎక్కువ లేఖలు తేలిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త నింపాదిగా చూద్దాం. బోధనకి ఆధారాలు మూడు వైపుల నుంచి వస్తాయి: మీరు చూసింది, విద్యార్థులు చెప్పింది, విద్యార్థులు నేర్చుకున్నది. మూడూ ఒకే దిక్కు చూపిస్తుంటేనే ధైర్యంగా రాయండి.

ముందు మీరు చూసింది. మన లెక్చరర్ క్లాసుకి మీరు రెండుసార్లు వెళ్లారు. ఆ రోజు పాఠం పీ-విలువ గురించి. ఆమె బోర్డు మీద ఒక ప్రయోగం ఫలితం రాశారు, పీ-విలువ 0.03. "దీని అర్థం ఒక్క వాక్యంలో రాయండి, రెండు నిమిషాలు" అని చిన్న చిన్న చీటీలు పంచారు. చీటీలు వెనక్కి తీసుకుని, బల్ల మీద అక్కడికక్కడే మూడు కుప్పలుగా వేరు చేశారు. అన్నిటికన్నా పెద్ద కుప్ప ఇలా రాసినవాళ్లది: "మన సిద్ధాంతం నిజమయ్యే అవకాశం 97 శాతం." అది తప్పు. పీ-విలువ చెప్పేది వేరు: అసలు తేడా ఏమీ లేదనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ కనిపించే అవకాశం ఎంత అని. ఆమె ఆ పెద్ద కుప్పలోంచి ఒక చీటీ తీసి, పేరు చెప్పకుండా చదివి, పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టారు. గంట చివర అదే ప్రశ్నకి రెండో చీటీ రాయించారు.

ఇది లేఖలో మూడు వాక్యాలకు మించి పట్టదు. కానీ "విద్యార్థి కేంద్రిత బోధన చేస్తారు" అనే మాట కన్నా ఆ మూడు వాక్యాలే కమిటీకి గుర్తుంటాయి. క్లాసుకి వెళ్లినప్పుడు తేదీ, పాఠం పేరు, ఎంతమంది ఉన్నారు, ఆమె చేసిన ఒక్క పని, దానికి విద్యార్థులు ఎలా స్పందించారు అనేవి అప్పటికప్పుడు రాసుకోండి. ఇంటికెళ్లాక రాద్దామనుకుంటే "క్లాసు బాగుంది" అని మాత్రమే గుర్తుంటుంది.

ఇక విద్యార్థులు చెప్పింది. ఫీడ్‌బ్యాక్ సగటు 5కి 4.6 అని చూడగానే సంతోషపడి రాసేయకండి. క్లాసులో 125 మంది ఉండి 11 మందే ఫారం నింపితే ఆ 4.6కి విలువ లేదు. ఫారం నింపేది బాగా నచ్చినవాళ్లు, బాగా కోపం వచ్చినవాళ్లు. 125లో 96 మంది నింపారంటే మాట వేరు. అప్పుడు కూడా అదే డిపార్ట్‌మెంట్లో అదే స్థాయి కోర్సుల సగటు ఎంతో చూడండి. తప్పనిసరి గణాంకశాస్త్రం కోర్సుకి 4.1 రావడం, విద్యార్థులు ఇష్టపడి ఎంచుకున్న కోర్సుకి 4.6 రావడం కన్నా కష్టం కావచ్చు. పైగా ఈ మార్కుల మీద అధ్యాపకుల లింగం, కోర్సు విషయం లాంటివి కూడా ప్రభావం చూపుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే సగటుని ఒక ఆధారంగా వాడండి గానీ దాని మీదే మొత్తం బరువు వేయకండి. రాతపూర్వక వ్యాఖ్యల్లోంచి పొగిడిన ఒక్క ముక్క ఏరి పెట్టడం కూడా నాకు నచ్చదు, అలాంటిది ఎవరి ఫైల్లోనైనా దొరుకుతుంది. దానికన్నా వ్యాఖ్యలన్నీ చదివి, మళ్లీ మళ్లీ వచ్చిన విషయం ఏంటో, ఎంతమంది అన్నారో రాయండి.

చివరిది, వాళ్లు నేర్చుకున్నది. మన ఉదాహరణలో ఆమె ఈ చీటీల పద్ధతి మొదలుపెట్టక ముందు ఏడాది 120 మందిలో 42 మంది ఫెయిల్ అయ్యారు, అంటే 35 శాతం. పద్ధతి మొదలుపెట్టిన రెండో ఏడాది 125 మందిలో 25 మంది, అంటే 20 శాతం. చూడ్డానికి బాగుంది. కానీ కమిటీలో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ప్రశ్నపత్రం తేలికైందేమో?" ఆ ప్రశ్న ముందు మీరే వేసుకోండి. ప్రశ్నపత్రం ఎవరు తయారు చేశారు? పేపర్లు ఎవరు దిద్దారు? ఆ ఏడాది చేరిన విద్యార్థుల ప్రవేశ మార్కులు ఎక్కువా? ఆఫీసులో పాత ప్రశ్నపత్రాలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే పావుగంటలో తేలుతుంది. మన ఉదాహరణలో పేపర్ తయారు చేసింది వేరే లెక్చరర్, నమూనా మారలేదు, ప్రవేశ మార్కులు దాదాపు అంతే. ఈ మూడు సంగతులూ అంకె పక్కనే రాయాలి. ఒకవేళ పేపర్ మారిందని తేలితే ఆ అంకెని వదిలేయండి, లేదా మారిందని చెప్పి రాయండి.

కోర్సు మొదట్లోనూ చివర్లోనూ ఒకే రకం పరీక్ష పెట్టి ఉంటే ఇంకో కొలత కూడా దొరుకుతుంది. మొదట్లో క్లాసు సగటు 40, చివర్లో 70 అనుకోండి. పెరగడానికి ఉన్న అవకాశం 60 మార్కులు, పెరిగింది 30, అంటే సగం, 0.5. భౌతికశాస్త్రం బోధన మీద రిచర్డ్ హేక్ 1998లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో వాడింది ఈ కొలతే. ఆరు వేలకు పైగా విద్యార్థుల ఫలితాల్లో ఉపన్యాసం మాత్రమే విన్న క్లాసుల సగటు 0.23 వచ్చింది, విద్యార్థుల చేత పని చేయించిన క్లాసుల్లో 0.48. ఆ అంకెల్ని తెచ్చి గణాంకశాస్త్రం క్లాసు పక్కన పెట్టి పోల్చకండి, విషయం వేరు, పరీక్ష వేరు. పోలిస్తే మీ సంస్థలోనే అదే కోర్సు చెప్పిన వేరే బ్యాచ్‌తో పోల్చండి.

రెండో నియమం, సొంత కోర్సుకి బయట ప్రభావం. దీనికి సాక్ష్యం ఎవరో ఒకరు ఆమె తయారు చేసింది వాడటం. చీటీల కోసం ఆమె తయారు చేసిన 40 ప్రశ్నల కట్టని ఇంకో ఇద్దరు లెక్చరర్లు తమ క్లాసుల్లో వాడుతున్నారు. ఆమె చెప్పారని రాసేయకుండా ఆ ఇద్దరికీ ఫోన్ చేసి అడగండి. "వాడుతున్నాం సార్, కానీ అందులో సగం మా క్లాసుకి పనికిరావు, మార్చుకున్నాం" అంటే అదీ మంచి సమాచారమే. మార్చుకుని మరీ వాడుతున్నారంటే మొహమాటానికి వాడటం లేదన్నమాట.

4. పరిశోధనకి ఆధారం

ఇక్కడ ఎక్కువమంది చేసే పని పేపర్ల సంఖ్య, సైటేషన్ల సంఖ్య, జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వరసగా పేర్చడం. అవన్నీ సీవీలో ఉన్నాయి, కమిటీ దగ్గర సీవీ ఉంది. మీ నుంచి వాళ్లకి కావాల్సింది, ఆ పని దేనికి పనికొచ్చింది, అందులో ఈమె వంతు ఎంత అనే రెండే.

మూడు పేపర్లలో ఒకటి తీసుకుందాం. అడవుల్లో పక్షుల్ని లెక్కపెట్టే సర్వేల్లో కొన్ని రోజులు వర్షం వల్ల లెక్క తీయడం కుదరదు. ఆ ఖాళీల్ని ఎలా పూరిస్తే మొత్తం అంచనా తప్పు కాకుండా ఉంటుందో చెప్పే పద్ధతి ఆ పేపర్లో ఉంది. ఐదుగురు రచయితల్లో ఆమె రెండో పేరు. రెండో పేరు అంటే ఎంత పని? అది రంగాన్ని బట్టి ఉంటుంది. గణితంలో, అర్థశాస్త్రంలో చాలాసార్లు పేర్లు అక్షర క్రమంలో వేస్తారు, వరసకి అర్థమే లేదు. ప్రయోగశాల శాస్త్రాల్లో చివరి పేరు సాధారణంగా ల్యాబ్ పెద్దది. కమిటీలో వేరే డిపార్ట్‌మెంట్ల వాళ్లు ఉంటారు కాబట్టి మీ రంగంలో ఆచారం ఏంటో ఒక వాక్యంలో చెప్పాలి.

ఆమె వంతు తెలుసుకోవడానికి పేపర్ చివర చూడండి. ఇప్పుడు చాలా జర్నళ్లు ఎవరు ఏం చేశారో అక్కడ రాస్తున్నాయి. క్రెడిట్ అనే ఒక జాబితాలో 14 పాత్రలుంటాయి: ఆలోచన, పద్ధతి, సాఫ్ట్‌వేర్, విశ్లేషణ, మొదటి డ్రాఫ్ట్ రాయడం, ఇలా. మన పేపర్లో పద్ధతి, సాఫ్ట్‌వేర్ రెండిటి పక్కనా ఆమె పేరు మాత్రమే ఉంది. రెండో పేరు అయినా పేపర్‌కి గుండెకాయ ఆమె పని. ఈ సంగతి మీరు చెప్పకపోతే కమిటీలో ఎవరికీ తెలియదు. పాత పేపర్లలో ఆ వివరం ఉండదు, అలాంటప్పుడు సహ రచయితకి ఒక ఈమెయిల్ పంపి అడగండి.

సైటేషన్లు రాయాలనుకుంటే ఎక్కడి నుంచి, ఏ తేదీన తీసుకున్నారో రాయండి. ఒకే పేపర్‌కి గూగుల్ స్కాలర్లో ఒక అంకె, స్కోపస్‌లో ఇంకో అంకె కనిపిస్తుంది. గూగుల్ స్కాలర్ ఎక్కువ రకాల పత్రాల్ని లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అందులో సాధారణంగా ఎక్కువ ఉంటుంది. తన పేపర్‌ని తానే ఉదహరించుకున్నవి తీసేసి చెప్పండి. అంతకన్నా ముఖ్యంగా, ఉదహరించిన పేపర్లలో ఒక నాలుగైదు తెరిచి చూడండి. ఎక్కువ చోట్ల ఉపోద్ఘాతంలో నాలుగు పేర్ల మధ్య ఈ పేరు కూడా ఉంటుంది. ఒక చోట మాత్రం, ఆమెతో ఏ సంబంధమూ లేని బృందం ఆమె పద్ధతిని తీసుకెళ్లి చేపల సర్వేకి వాడింది అనుకోండి. ముప్పై సైటేషన్ల కన్నా లేఖలో చోటు దానికి ఇవ్వాలి. పని వేరేవాళ్ల చేతుల్లో నిలబడిందనడానికి అది రుజువు.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ని మాత్రం వదిలేయమంటాను. అది జర్నల్ మొత్తానికి సగటు. ఒక జర్నల్లో కొన్ని పేపర్లకే బోలెడు సైటేషన్లు వస్తాయి, మిగతావాటికి కొద్దిగా వస్తాయి, అందుకని ఆ సగటు ఈ పేపర్ గురించి ఏమీ చెప్పదు. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న పరిశోధన మూల్యాంకన ప్రకటన, అందరూ డోరా అనేది, ప్రమోషన్లలో ఈ అంకెని ఒక్కో పేపర్ నాణ్యతకి కొలతగా వాడొద్దనే చెప్పింది. మీరు రాసే సంస్థ నియమాలే ఆ అంకె అడిగితే ఇవ్వక తప్పదు, ఇచ్చి పక్కనే పేపర్ గురించి మీ మాట రాయండి. హెచ్-ఇండెక్స్‌దీ అదే గొడవ. సర్వీసు పెరిగేకొద్దీ అది పెరుగుతుందే తప్ప తగ్గదు, రంగానికీ రంగానికీ పోలిక కుదరదు.

గ్రాంట్ల విషయంలో ఒక్కటే జాగ్రత్త: ఆమె ప్రధాన పరిశోధకురాలా, సహ పరిశోధకురాలా అనేది స్పష్టంగా రాయండి. "గ్రాంట్ సాధించారు" అని రాసి, ఫైల్లో సహ పరిశోధకురాలు అని ఉంటే మొత్తం లేఖ మీద అనుమానం వస్తుంది.

5. రాయడం

రెండు పేజీలు దాటకండి. లెటర్‌హెడ్, తేదీ, ఏ పదవికి సిఫార్సో తెలిసే సబ్జెక్ట్ లైన్ ఉండాలి. మొదటి పేరాలో మీరెవరు, ఆమెను ఎంతకాలంగా ఏ హోదాలో తెలుసు, మీ సిఫార్సు ఏంటి అనే మూడూ వచ్చేయాలి:

"సీనియర్ లెక్చరర్ పదవికి దరఖాస్తు చేసిన మా డిపార్ట్‌మెంట్ లెక్చరర్‌ను ఆ పదవికి సిఫార్సు చేస్తున్నాను. నాలుగేళ్లుగా డిపార్ట్‌మెంట్ హెడ్‌గా ఆమె పనిని దగ్గరగా చూస్తున్నాను. ఆమె క్లాసుల్లో రెండుసార్లు కూర్చున్నాను, కింద ప్రస్తావించిన మూడు పేపర్లూ చదివాను. మేమిద్దరం కలిసి పేపర్లు రాయలేదు."

బోధన పేరాలో ముందు నియమం మాట, తర్వాత చూసింది, తర్వాత అంకె, ఆ అంకెకి హద్దు:

"విద్యార్థుల నేర్చుకోవడంలో మెరుగుదల అనే నియమానికి సంబంధించి: మొదటి ఏడాది గణాంకశాస్త్రంలో ఆమె ప్రతి క్లాసులో విద్యార్థుల చేత చీటీల మీద జవాబు రాయించి, ఎక్కువమంది చేసిన తప్పు నుంచే పాఠం మొదలుపెడతారు. నేను చూసిన క్లాసులో పీ-విలువను అపార్థం చేసుకున్న విద్యార్థులు గంట చివర రెండో చీటీలో దాన్ని సరిగ్గా రాశారు. ఈ పద్ధతికి ముందు కోర్సులో 120 మందిలో 42 మంది ఫెయిల్ అయ్యారు, రెండో ఏడాదికి 125 మందిలో 25 మంది. ప్రశ్నపత్రాన్ని వేరే అధ్యాపకులు తయారు చేశారు, దాని నమూనా, విద్యార్థుల ప్రవేశ మార్కులు దాదాపు మారలేదు. ఇవి రెండేళ్ల ఫలితాలే కాబట్టి మార్పంతా ఈ పద్ధతి వల్లే అని చెప్పలేను. ఆమె తయారు చేసిన ప్రశ్నల కట్టను ఇద్దరు సహోద్యోగులు తమ కోర్సులకు మార్చుకుని వాడుతున్నారు."

"చెప్పలేను" అనే ఆ వాక్యం చూసి, ఇది ఆమెకి నష్టం కదా అని మీకు అనిపించవచ్చు. కమిటీలో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, హద్దు చెప్పిన లేఖలో మిగతా అంకెల్ని ఎవరూ ప్రశ్నించరు.

పరిశోధన పేరా వేరే రంగం మనిషికి అర్థమయ్యేలా ఉండాలి:

"స్వతంత్ర పరిశోధన విషయంలో: సర్వేల్లో లెక్క తీయలేని రోజుల వల్ల జంతువుల సంఖ్య అంచనాలు తప్పుతాయి. దాన్ని సరిదిద్దే పద్ధతిని రూపొందించింది, దాని సాఫ్ట్‌వేర్ రాసింది ఈమె. ఐదుగురు రచయితల్లో ఆమెది రెండో పేరైనా, ఈ రెండు పనులూ ఆమె ఒక్కరివేనని పేపర్లోని రచయితల వివరాల్లో ఉంది. ఆమెతో సంబంధం లేని ఒక బృందం ఇదే పద్ధతిని చేపల సర్వేకి వాడి ఫలితాలు ప్రచురించింది. తర్వాతి రెండు పేపర్లలో ఆమె మొదటి రచయిత, తన పీహెచ్‌డీ గైడ్ వాటిలో లేరు."

చివరి వాక్యం చూడండి. "స్వతంత్ర" అనే మాటకి రుజువు అదే.

ఆ తర్వాత పోలిక. "నేను చూసిన అత్యుత్తమ లెక్చరర్" అని రాసేముందు ఎంతమందిని చూశారో చెప్పాలి. "గత నాలుగేళ్లలో ఈ పదవికి నేను పరిశీలించిన ఐదుగురిలో బోధన ఆధారాల విషయంలో ఈమెదే బలమైన దరఖాస్తు" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఎవరి పేరూ చెప్పకండి.

లోపం రాయాలా వద్దా అని చాలామందికి టెన్షన్. నియమాల్లో ఉండి ఆమె దగ్గర లేనిది ఏదైనా ఉంటే, దాన్ని మీరు రాయకపోయినా కమిటీ చూస్తుంది. కాబట్టి ముందు మీరే సరైన కొలతలో చెప్పండి: "ఇంకా ఎవరికీ ప్రధాన పీహెచ్‌డీ గైడ్‌గా లేరు. ఒక విద్యార్థికి సహ గైడ్‌గా ఉన్నారు, ఆ విద్యార్థి రెండో అధ్యాయం మీద ఆమె ఇచ్చిన సూచనలు నేను చూశాను, సొంతంగా గైడ్ చేయగలరని నా అభిప్రాయం." నియమాల్లో లేని లోపాన్ని, అంటే మీటింగుల్లో ఎక్కువ మాట్లాడరు లాంటిదాన్ని, తీసుకొచ్చి పెట్టకండి.

చివరి పేరా రెండు వాక్యాలు చాలు. సిఫార్సుని మళ్లీ స్పష్టంగా చెప్పి, అవసరమైతే ఫోన్లో మాట్లాడటానికి సిద్ధమని రాయండి. "సానుకూలంగా పరిశీలించగలరు" అని మాత్రం ముగించకండి. అలాంటి మాట చూస్తే రాసినాయనకి పూర్తి నమ్మకం లేదని అర్థం చేసుకుంటారు.

6. పంపే ముందు

ఒక రోజు ఆగి, ఎర్ర పెన్ను పట్టుకుని విశేషణాలన్నిటి కింద గీత గీయండి. ఒక్కో గీత పక్కన "ఎలా తెలుసు?" అని అడగండి. లేఖలోనే జవాబు లేకపోతే ఆ విశేషణం కొట్టేయండి. నా లేఖల్లో సగటున సగం పోతాయి.

మహిళా లెక్చరర్ గురించి రాస్తున్నప్పుడు ఇంకోసారి చదవండి. ఫ్రాన్సిస్ ట్రిక్స్, కారొలిన్ సెంకా అనే ఇద్దరు పరిశోధకులు ఒక అమెరికన్ వైద్య కళాశాలలో నియామకాల కోసం వచ్చిన 300కు పైగా సిఫార్సు లేఖల్ని పరిశీలించి 2003లో ప్రచురించారు. మహిళల మీది లేఖలు పొట్టిగా ఉన్నాయి, వాటిలో కష్టపడతారు అనే రకం మాటలు ఎక్కువ, సందేహం కలిగించే వాక్యాలూ ఎక్కువ. "ఓపిక గలవారు, శ్రమజీవి" అని మీరు రాసిన చోట మగ లెక్చరర్ అయితే ఏం రాసేవారో ఆలోచించండి. "ఇంటి బాధ్యతలు ఉన్నప్పటికీ" అని ఎక్కడైనా ఉంటే వెంటనే తీసేయండి. సెలవు వల్ల పేపర్ల సంఖ్య తగ్గి ఉంటే, దాన్ని లెక్కలోకి తీసుకునే నియమం ఉందో లేదో చూసి, ఆమె అనుమతితోనే రాయండి.

అంకెలన్నీ ఆమె దరఖాస్తులో ఉన్నవాటితో ఒకటొకటిగా సరిచూడండి. మీరు 25 అని, ఆమె 27 అని రాస్తే ఎవరిది తప్పో అడగడానికి కమిటీకి ఓపిక ఉండదు. ఒకసారి నేనిలాగే పాత సీవీ పట్టుకుని రాసి, అప్పటికే అచ్చయిన పేపర్‌ని "పరిశీలనలో ఉంది" అని రాశాను. తర్వాత సవరణ లేఖ పంపాల్సి వచ్చింది.

లేఖ రహస్యంగా ఉండాలని నియమాల్లో ఉంటే ఆమెకి కాపీ ఇవ్వకండి. అంకెలు సరిచూడటానికి మాత్రం ఆ వాక్యాలు విడిగా పంపి అడగవచ్చు. సంతకం పెట్టి, పీడీఎఫ్ చేసి, గడువుకి రెండు రోజుల ముందే కమిటీ చెప్పిన చిరునామాకి నేరుగా పంపి, అందిందని జవాబు వచ్చేదాకా చూడండి. క్లాసులో రాసుకున్న నోట్సు, పాత ప్రశ్నపత్రాల కాపీలు పారేయకండి. కమిటీ నుంచి ఫోన్ వస్తే, "ఆ రెండో చీటీలో ఎంతమంది సరిగ్గా రాశారు?" అని అడిగినప్పుడు చూసి చెప్పాల్సింది అందులోంచే.